పదకొండు పేజీలు, ఒకటే మాట: సర్వీస్ పేజీల్లో రిపిటీషన్ ఎలా తగ్గించాలి?

ఫోన్‌లోనే చూస్తున్నారు కాబట్టి ముందు ఒక చిన్న పని చెప్తాను, వీడియో అయ్యాక చెయ్యండి. మీ ఊళ్లో ఏసీ రిపేరు చేసే షాపు వెబ్‌సైట్ ఏదైనా ఒకటి తెరవండి. అందులో "ఏసీ రిపేర్" పేజీ చదవండి, తర్వాత "ఏసీ సర్వీస్" పేజీ చదవండి. రెండో పేజీ సగంలోకి వచ్చేసరికి మీకే డౌట్ వస్తుంది, ఇది ఇందాక చదివిందే కదా అని. అనుభవం ఉన్న టెక్నీషియన్లు, అదే రోజు సర్వీస్, అందుబాటు ధరలు, ఒరిజినల్ స్పేర్లు. మొదటి పేజీలో అనుభవం ముందు, ధర తర్వాత. రెండో పేజీలో ధర ముందు, అనుభవం తర్వాత. అంతే తేడా.

ఈరోజు మాట్లాడేది దీని గురించే. ఊరికే థియరీ చెప్పను. ఈ వేసవికి ముందు నేను కూర్చుని సరిచేసిన ఒక సైట్ గురించి చెప్తాను. విజయవాడలో ఏసీ సర్వీస్ చేసే ఒక అన్నయ్యది. సొంత షాపు, ముగ్గురు కుర్రాళ్లు పనికి వెళ్తారు, ఫోన్లు వదిన ఎత్తుతుంది. ఆయన నాకు ఫోన్ చేసి అన్న మాట ఇది: "తమ్ముడూ, పదకొండు పేజీలు రాయించానురా. డబ్బులు పేజీకి ఇంత అని లెక్కగట్టి ఇచ్చాను. ఒక్క పేజీ చూసి ఫోన్ చేశామన్నవాడు లేడు. ఇంకో పది రాయించమంటావా?"

వద్దన్నాను. ముందు ఉన్నవి చూద్దామన్నాను.

ఆ పదకొండు ఏంటంటే, ఏసీ రిపేర్, ఏసీ సర్వీస్, గ్యాస్ ఫిల్లింగ్, ఇన్‌స్టలేషన్, అన్‌ఇన్‌స్టలేషన్, "కూలింగ్ రావట్లేదా", "బెస్ట్ ఏసీ టెక్నీషియన్స్", ఇవి ఏడు. ఇంకో నాలుగు ఏరియా పేజీలు: పటమట, బెంజ్ సర్కిల్, భవానీపురం, గొల్లపూడి. ఆ నాలుగింటిలో ఏరియా పేరు మార్చారు, మిగతాదంతా అదే.

వీటిని రాసినవాళ్లని నేను పెద్దగా తిట్టను. ఎందుకంటే మొదట్లో నేనూ ఇలాగే రాసేవాణ్ణి. పేజీకి 600 పదాలు అంటారు, రేపటికి కావాలంటారు, ఆ పని గురించి మనకు తెలిసింది నాలుగు ముక్కలే. అప్పుడేం చేస్తాం? ఆ నాలుగు ముక్కల్నే పేకముక్కల్లా కలిపి మళ్లీ పంచుతాం. "నమ్మకమైన" బదులు "విశ్వసనీయమైన" అని పెడతాం. కాపీ చెకర్‌లో పెడితే పాస్ అవుతుంది. కానీ చదివే మనిషి దగ్గర పాస్ అవ్వదు, ఎందుకంటే మారింది మాటలే, విషయం కాదు.

సరే, పని ఎలా మొదలుపెట్టానో చెప్తాను. పదకొండు పేజీల స్క్రీన్‌షాట్లు తీశాను. పైన హెడ్డింగు, ఫొటో కత్తిరించేశాను. ఏరియా పేరు, సర్వీస్ పేరు ఎక్కడున్నా నల్లగా గీత కొట్టేశాను. వాట్సాప్‌లో అన్నయ్యకే పంపి, ఏది ఏ పేజీయో చెప్పన్నా అని అడిగాను. ఆయన షాపు, ఆయన పని, ఆయన సైట్. అయినా గ్యాస్ ఫిల్లింగ్ పేజీ ఒక్కటే కరెక్ట్‌గా చెప్పాడు. అదీ ఎందుకంటే అందులో "లీకేజీ" అనే మాట ఒక్కచోట గీత కొట్టడం నేను మర్చిపోయాను.

ఈ టెస్టుకి టూల్ అక్కర్లేదు, మీరూ చేసుకోవచ్చు. పేరు తీసేస్తే ఏ పేజీయో చెప్పలేకపోతే, ఆ పేజీలో పేరు తప్ప ఇంకేమీ లేదన్నమాట.

ఇక్కడ అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. ఇలా ఉంటే గూగుల్ పెనాల్టీ వేస్తుందా? ఒక సైట్‌లో పేజీలు ఒకదానికొకటి పోలి ఉన్నంత మాత్రాన గూగుల్ శిక్ష వేయదు. గూగుల్ ఆ మాట తనే చెప్పింది. జరిగేది వేరు. ఒకేలా ఉన్న పేజీల్లో ఒకదాన్ని ఎంచుకుని దాన్నే చూపిస్తుంది, మిగతావి పక్కన పెడుతుంది. అది ఎంచుకున్నది మీరు చూపించాలనుకున్న పేజీ కాకపోవచ్చు, అక్కడే నష్టం. గ్యాస్ గురించి వెతికినవాడికి బెస్ట్ టెక్నీషియన్స్ పేజీ వస్తుంది. వాడు తెరుస్తాడు, గ్యాస్ మాట కనపడదు, వెనక్కి వెళ్లిపోతాడు.

ఏరియా పేజీల సంగతి మాత్రం కొంచెం సీరియస్. షాపు ఒక్కటే ఉండి, వెతికేవాళ్లని పట్టడానికి ఊరికో పేజీ, పేటకో పేజీ పెట్టి, అన్నిటినీ చివరికి ఒకే చోటికి పంపిస్తుంటే, గూగుల్ స్పామ్ పాలసీల్లో దాన్ని డోర్‌వే అంటారు. అది ఊరికే పక్కన పెట్టడంతో ఆగకపోవచ్చు. అన్నయ్యకి ఇది చెప్తే కాస్త భయపడ్డాడు. నాలుగు పేజీలకే కొంపలేమీ మునగవన్నాను. కానీ ఇంకో పది రాయించాలన్న ఆలోచన మాత్రం అక్కడితో పోయింది.

ఇది నిజంగా జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుందంటే, సెర్చ్ కన్సోల్ తెరవండి. పెర్ఫార్మెన్స్ రిపోర్ట్‌లో కింద జనం వెతికిన మాటలు ఉంటాయి. అందులో ఒక మాట మీద నొక్కండి, మేం "ac gas filling vijayawada" మీద నొక్కాం. తర్వాత పక్కనే పేజెస్ అన్న ట్యాబ్‌కి వెళ్లండి. ఆ ఒక్క మాటకీ మీ పేజీల్లో ఏవేవి కనిపించాయో వస్తుంది. మాకు నాలుగు పేజీలు వచ్చాయి, అసలు గ్యాస్ పేజీ వాటిలో మూడోది. ఒక మాటకి రెండు పేజీలు కనిపించడం దానంతట అది తప్పు కాదు. కానీ రావాల్సిన పేజీ వెనకబడి, సంబంధం లేనిది ముందుంటే, ఈ పేజీలు ఒకదానికొకటి అడ్డు పడుతున్నాయని అర్థం. అదే సెర్చ్ కన్సోల్‌లో ఇండెక్సింగ్ రిపోర్ట్ చూస్తే, రెండు ఏరియా పేజీలు "Crawled - currently not indexed" కింద ఉన్నాయి. అంటే గూగుల్ వచ్చి చదివింది, లిస్టులో పెట్టుకోలేదు. దీనికి వేరే కారణాలు కూడా ఉండొచ్చు, కానీ ఈ సైట్‌లో పేజీలు చూశాక కారణం కోసం ఎక్కువ వెతకాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు అసలు పని. పదకొండు పేజీల మ్యాటరూ ఒకే గూగుల్ డాక్‌లో పేస్ట్ చేశాను. ఒక్కో వాక్యం చదివి రంగు వేశాను. ఏ పేజీలో పెట్టినా నిజమయ్యే వాక్యానికి పసుపు. ఈ ఒక్క పేజీలోనే నిజమయ్యే వాక్యానికి ఆకుపచ్చ. "మా టెక్నీషియన్లు అనుభవజ్ఞులు" పసుపు. "గ్యాస్ నింపే ముందు లీకేజీ చెక్ చేస్తాం" ఆకుపచ్చ. ఓ గంట పట్టింది. అయ్యాక స్క్రోల్ చేసి చూస్తే ఆవాల చేను పూత పూసినట్టు మొత్తం పసుపు. ఆకుపచ్చ వాక్యాలు పదకొండు పేజీల్లో కలిపి తొమ్మిది.

చాలామంది ఈ స్టేజ్‌లో చేసే తప్పు, ఆ పసుపు వాక్యాల్ని మళ్లీ తిరగరాయడం. దాని వల్ల ఏమీ రాదు. పసుపుని ఎంత తిప్పి రాసినా పసుపే. కావాల్సింది ఆకుపచ్చ, అది రాసేవాడి బుర్రలో ఉండదు. పని చేసేవాళ్ల దగ్గర, ఇంకా చెప్పాలంటే ఫోన్ ఎత్తేవాళ్ల దగ్గర ఉంటుంది.

అందుకే వదినని అడిగాను. "వదినా, గ్యాస్ కోసం ఫోన్ చేసేవాళ్లు మొదట ఏమడుగుతారు?" ఆవిడ ఆలోచించలేదు కూడా. "ఇంకేమడుగుతారయ్యా, నిరుడేగా గ్యాస్ ఎక్కించాం, అప్పుడే అయిపోయిందా అని నా మీద అరుస్తారు" అంది.

చూశారా, పేజీ మొత్తం ఈ ఒక్క మాటలో ఉంది. జనం ఏసీలో గ్యాస్‌ని బండిలో పెట్రోల్ లాంటిది అనుకుంటారు, వాడితే అయిపోతుందని. అలా కాదు. ఏసీ గ్యాస్ మూసేసిన పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది, ఖర్చు అవ్వదు. తగ్గిందంటే ఎక్కడో లీకైంది. ఆ లీక్ పట్టకుండా గ్యాస్ ఎక్కిస్తే మళ్లీ పోతుంది. నిరుడు వచ్చినవాడు అదే చేసి వెళ్లి ఉంటాడు.

ఇది విన్నాక అన్నయ్యని పట్టుకున్నాను. మీవాళ్లు వెళ్లి వరసగా ఏం చేస్తారో చెప్పన్నా అన్నాను. ఆయన చెప్పింది ఇది. ముందు ఫిల్టర్ చూస్తాం, ఎందుకంటే పైపు మీద ఐస్ కట్టిందంటే గ్యాస్ తక్కువే అని రూలు లేదు, ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా ఐస్ కడుతుంది. గ్యాసే తగ్గిందని తేలితే, నైట్రోజన్ ప్రెషర్ ఎక్కించి, జాయింట్ల దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగ ఎక్కడొస్తుందో చూస్తాం. ఆ చోటు సరిచేస్తాం. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి పైపుల్లో గాలి, తేమ లాగేస్తాం. అప్పుడు గ్యాస్. అదీ అందాజుగా కాదు, అవుట్‌డోర్ యూనిట్ మీద స్టిక్కర్‌లో ఏ గ్యాస్, ఎంత బరువు అని రాసి ఉంటుంది, సిలిండర్‌ని కాటా మీద పెట్టి అంతే ఎక్కిస్తాం. పాత వాటిలో ఆర్-22, కొత్త వాటిలో ఎక్కువగా ఆర్-32, ఒకదాని బదులు ఒకటి ఎక్కించకూడదు.

నేను రికార్డ్ చేసుకుంటూనే ఉన్నాను. నాలుగు నిమిషాల వాయిస్. అందులో ఒక్క పసుపు వాక్యం లేదు! గమ్మత్తేంటంటే, ఇదంతా చదివినవాడికి "మా టెక్నీషియన్లు అనుభవజ్ఞులు" అని మళ్లీ చెప్పక్కర్లేదు. పని వరస చూస్తేనే తెలిసిపోతుంది.

కొత్త గ్యాస్ పేజీ మొదటి రెండు లైన్లు ఇలా పెట్టాం: "ఏసీలో గ్యాస్ వాడకం వల్ల తగ్గదు. తగ్గిందంటే లీక్ ఉన్నట్టే, అది పట్టాకే గ్యాస్ ఎక్కిస్తాం." ఈ రెండు లైన్లు పైనే ఉండాలి. ఫోన్‌లో పేజీ తెరిస్తే మొదటి స్క్రీన్‌లో కనిపించేది హెడ్డింగు, ఒక ఫొటో, మూడు నాలుగు లైన్లు. తేడా కిందెక్కడో నాలుగో పేరాలో ఉంటే అక్కడిదాకా స్క్రోల్ చేసేవాడు ఎవడు? పాత సైట్‌లో పదకొండు పేజీల మొదటి స్క్రీన్ "విజయవాడలో నమ్మకమైన ఏసీ సేవల కోసం చూస్తున్నారా?" అనే మొదలయ్యేది. చూస్తున్నాడు కాబట్టే వచ్చాడు కదండీ.

తర్వాత, ఏ పేజీలు ఉంచాలి, ఏవి కలపాలి. దీనికి నేను వాడిన ప్రశ్న ఒకటే. ఈ రెండు పనులకి వెళ్లేటప్పుడు మీవాళ్లు తీసుకెళ్లే సామాను, పట్టే టైము, చెప్పే రేటు, కస్టమర్ అడిగే మొదటి ప్రశ్న, వీటిలో ఏవైనా మారతాయా? మారితే రెండు పేజీలు. ఏదీ మారకపోతే ఒకటే పేజీ. పేరు వేరే ఉంది కదా, జనం వేరేగా వెతుకుతారు కదా అనేది లెక్కలోకి రాదు. ఒక పేజీలో రెండు పేర్లూ వాడొచ్చు.

రిపేర్, సర్వీస్ మొదట ఒకటే అనిపించాయి. అన్నయ్య ఒప్పుకోలేదు. "సర్వీస్ అంటే క్లీనింగు రా. జెట్ పంపు, కవరు, బకెట్టు తీసుకెళ్తాం, రేటు ఫోన్‌లోనే చెప్పేస్తాం. రిపేర్ అంటే చూస్తేగానీ రేటు చెప్పలేం. కెపాసిటర్ పోయిందా, పీసీబీ పోయిందా ఇక్కడ కూర్చుని నాకేం తెలుస్తుంది?" అన్నాడు. రైట్. రెండు పేజీలు. సర్వీస్ పేజీలో రేటు రాసేశాం. రిపేర్ పేజీలో రేటు ఎందుకు ముందే చెప్పలేమో, చూడటానికి వచ్చినందుకు ఎంత తీసుకుంటారో, రిపేర్ చేయించుకుంటే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తారో లేదో రాశాం.

"కూలింగ్ రావట్లేదా" పేజీ రిపేర్‌లో కలిపేశాం. ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది. కూలింగ్ రావట్లేదని వెతికేవాడికి తనకి ఏ సర్వీస్ కావాలో తెలీదు. అది క్లీనింగ్ అవ్వొచ్చు, గ్యాస్ అవ్వొచ్చు, కెపాసిటర్ అవ్వొచ్చు. అందుకని రిపేర్ పేజీ పైభాగాన్ని దారులు చీలే చోటులాగా చేశాం. గాలి తక్కువ వస్తోందా, ముందు ఫిల్టర్ కడిగి చూడండి, తగ్గకపోతే క్లీనింగ్ పేజీకి లింక్. గాలి బాగానే వస్తోంది కానీ చల్లగా లేదు, అవుట్‌డోర్ యూనిట్ తిరుగుతోంది, గ్యాస్ పేజీకి లింక్. అవుట్‌డోర్ అసలు తిరగట్లేదు, ఇక్కడే కింద చదవండి. ఇవి పక్కాగా రోగం చెప్పేవి కావు, ఆ మాటా అక్కడే రాశాం. పేజీలు వేరువేరుగా ఉండి ఒకదానికొకటి దారి చూపిస్తుంటే, అదే సంగతి మూడుచోట్లా రాయాల్సిన అవసరం పడదు.

అన్‌ఇన్‌స్టలేషన్ దగ్గర నాకూ అన్నయ్యకీ మళ్లీ తేడా వచ్చింది, ఈసారి తిరగబడి. ఆయన ఇన్‌స్టలేషన్‌లో కలిపేయమన్నాడు, నేను వద్దన్నాను. కొత్త ఏసీ కొన్నవాడి ప్రశ్న, కంపెనీ ఇచ్చిన కాపర్ పైపు సరిపోతుందా, చాలకపోతే మీటరుకి ఎంత, స్టాండు ఎవరిది అని. ఇల్లు మారేవాడి ప్రశ్న వేరు, గ్యాస్ పోతుందా అని. పోకుండా విప్పే పద్ధతి ఉంది. విప్పే ముందు ఏసీ ఆన్‌లో ఉంచి గ్యాస్ మొత్తాన్ని అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసేస్తారు, పంప్ డౌన్ అంటారు. ఏసీ ఆన్ అవ్వని స్థితిలో ఉంటే అది కుదరదు. రెండు ఇళ్లకి వెళ్లాలి, ఒకే రోజా కాదా, పాత పైపు మళ్లీ పనికొస్తుందా, ఇన్ని ప్రశ్నలున్నాయి. అందుకే విడిగా ఉంచి, పేరు మాత్రం "ఏసీ షిఫ్టింగ్" అని మార్చాం. ఎందుకంటే వదిన చెప్పింది, అన్‌ఇన్‌స్టలేషన్ అనే మాట ఫోన్‌లో ఎవ్వరూ అనరట. "షిఫ్టింగ్ చేస్తారా" అనే అడుగుతారట.

"బెస్ట్ టెక్నీషియన్స్" పేజీలో ఆకుపచ్చ సున్నా. అది రిపేర్‌లోకి. నాలుగు ఏరియా పేజీలు పోయి, కాంటాక్ట్ పేజీలో ఏ ఏరియాలకి వస్తారు, దూరం వెళ్తే అదనంగా ఎంత అని ఒక చిన్న భాగం అయ్యాయి. గొల్లపూడిలో ఆయనకి రెండో షాపు ఉండి, దాని అడ్రసు, టైమింగ్స్, మనుషులు వేరే అయితే ఆ పేజీ ఉంచేవాణ్ణి. లేదు కాబట్టి తీసేశాను. అలా పదకొండు ఐదయ్యాయి: సర్వీస్, రిపేర్, గ్యాస్, ఇన్‌స్టలేషన్, షిఫ్టింగ్.

మరి ఆ పసుపు వాక్యాలు? అన్నీ చెత్త కాదు. వారంటీ ఎన్నాళ్లు, ఆదివారం వస్తారా, బిల్లు ఇస్తారా, ఇవి అందరికీ కావాలి. వివరంగా ఒకేచోట, "మా పద్ధతి" అనే పేజీలో రాశాం. ప్రతి సర్వీస్ పేజీ కింద రెండు లైన్ల డబ్బా పెట్టి అక్కడికి లింక్ ఇచ్చాం. ఫోన్ నంబరు, టైమింగ్స్ మాత్రం ప్రతి పేజీలోనూ ఉండాల్సిందే. గూగుల్ నుంచి వచ్చేవాడు ఏ పేజీలో దిగుతాడో మనకి తెలీదు. రిపిటీషన్ తగ్గించాలని ఫోన్ నంబరు కూడా ఒక్క పేజీలోనే పెట్టినవాళ్లని చూశాను, అది మరీ అతి.

ఇప్పుడు జాగ్రత్తగా చేయాల్సిన భాగం. తీసేసిన ఆరు పేజీల్ని ఊరికే డిలీట్ కొట్టకూడదు. వాటి లింకులు గూగుల్ దగ్గర ఉంటాయి, ఎవరి వాట్సాప్‌లోనో ఉంటాయి. పాత లింక్ నొక్కితే కొత్త పేజీకి వెళ్లేలా 301 రీడైరెక్ట్ పెట్టాలి. 301 అంటే "శాశ్వతంగా ఇల్లు మారాం" అని చెప్పడం. వర్డ్‌ప్రెస్ అయితే దీనికి ప్లగిన్లు ఉన్నాయి. అన్నయ్య సైట్ అపాచీ సర్వర్ మీద ఉంది కాబట్టి .htaccess ఫైల్‌లో ఇలా రాశాం:

```
Redirect 301 /ac-not-cooling /ac-repair
Redirect 301 /best-ac-technicians /ac-repair
Redirect 301 /ac-service-patamata /contact
```

మిగతా ఏరియా పేజీలకీ ఇదే పద్ధతి. అన్‌ఇన్‌స్టలేషన్ పేజీకి పేరు మార్చినా అడ్రసు మార్చలేదు, అవసరం లేని రీడైరెక్ట్ ఎందుకని. ఇంకోటి, తీసేసినవన్నీ కట్టకట్టి హోమ్ పేజీకి పంపేయకండి. పాత పేజీకీ కొత్త పేజీకీ సంబంధం లేకపోతే, గూగుల్ దాన్ని పేజీ లేనట్టే లెక్కేస్తుంది. ఈ రీడైరెక్టులు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెప్తుంది, నేనైతే తియ్యను, వాటి వల్ల ఖర్చేమీ లేదు.

కొందరు అడుగుతారు, కానానికల్ ట్యాగ్ పెడితే పోదా, పేజీలు తీయడం ఎందుకని. కానానికల్ అంటే ఈ పేజీల్లో అసలుది ఇది అని గూగుల్‌కి మనం ఇచ్చే సూచన. గూగుల్ వినొచ్చు, వినకపోవచ్చు. పైగా మనిషికి మాత్రం ఆ పదకొండు పేజీలూ అలాగే కనిపిస్తాయి. పేజీ తప్పనిసరిగా ఉండాల్సిన చోట అది పనికొస్తుంది. ఇక్కడ ఉండాల్సిన అవసరమే లేదు.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. రీడైరెక్టులు రాసిన రోజు రాత్రి, బెస్ట్ టెక్నీషియన్స్ లైన్‌లో ఒక అక్షరం తప్పు పడింది, technicians లో ఎస్ ఎగిరిపోయింది. సైట్ మెనూలో లింకులన్నీ నొక్కి చూశాను, అన్నీ బాగున్నాయి. మెనూలో పాత పేజీ ఎలాగూ లేదు కదా, బాగానే ఉంటుంది మరి! రెండు రోజుల తర్వాత వదిన ఫోన్ చేసింది. ఎవరో కస్టమరు, "మీ షాపు ఎత్తేశారా" అని అడిగాడట. ఏంటా అని చూస్తే, సర్వీస్ చేసిన ప్రతి ఏసీకీ వీళ్లు ఒక స్టిక్కర్ అంటిస్తారు, దాని మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది. ఆ కోడ్ వెళ్లేది సరిగ్గా ఆ బెస్ట్ టెక్నీషియన్స్ పేజీకే. రెండు రోజులుగా ఆ స్టిక్కర్ స్కాన్ చేసిన ప్రతివాడికీ పేజీ లేదని వచ్చింది. వాళ్లంతా పాత కస్టమర్లు, మళ్లీ పని ఇద్దామని స్కాన్ చేసినవాళ్లు.

అందుకని చెప్తున్నా, కొత్త లింకులు కాదు, పాత లింకులు టెస్ట్ చెయ్యాలి. తీసేసే ముందే పాత అడ్రసులన్నీ ఒక నోట్‌లో రాసి పెట్టుకోండి. మార్చాక ఇన్‌కాగ్నిటో విండోలో ఒక్కోటీ పేస్ట్ చేసి ఎక్కడికి వెళ్తుందో చూడండి. స్టిక్కర్లు, పాంప్లెట్లు, వాట్సాప్ బిజినెస్ ప్రొఫైల్, గూగుల్ మ్యాప్స్‌లో షాపు ప్రొఫైల్, వీటిలో ఏ లింక్ ఉందో ఓనర్‌ని అడగండి. ఆయనకి గుర్తుండకపోతే ఇంట్లో వదినని అడగండి.

మార్చాక మొదటి కొన్ని వారాలు లెక్కలు అటూ ఇటూ ఊగుతాయి. అప్పుడు పేజీల వారీగా చూస్తే గుండె ఆగుతుంది, ఎందుకంటే తీసేసిన ఆరు పేజీలూ సున్నాకి పడిపోతూ కనిపిస్తాయి. అవి పడాలి. చూడాల్సింది వెతికిన మాటల వారీగా. "ac gas filling vijayawada" మీద నొక్కి, ఇప్పుడు ఏ పేజీ వస్తోందో చూడండి. మాకు గ్యాస్ పేజీ ముందుకు రావడానికి నెల పైనే పట్టింది. మిగతావాటిలో షిఫ్టింగ్ త్వరగా కదిలింది, ఇన్‌స్టలేషన్‌లో పెద్ద మార్పేమీ లేదు. దానికి కారణం ఉంది. కొత్త ఏసీ కొన్నవాడికి చాలావరకు కొన్న షాపువాళ్లే మనిషిని పంపిస్తారు, పేజీ ఎంత బాగున్నా వెతికేవాళ్లే తక్కువ. అది పేజీతో తీరే సమస్య కాదు.

ఫోన్లు పెరిగాయా అని అన్నయ్యని అడిగితే, "పెరిగాయిలే, కానీ మీ వదిన ఇంకోటి చెప్తోంది" అన్నాడు. గ్యాస్ కోసం చేసేవాళ్లు ఇప్పుడు అరవట్లేదట. "లీక్ చెక్ చేశాకే ఎక్కిస్తారంట కదా, దానికి ఎంతసేపు పడుతుంది?" అని అడుగుతున్నారట. ఆ ప్రశ్నకి జవాబు పేజీలో లేదు. మర్నాడు ఒక లైన్ చేర్చాం.

మొన్న అన్నయ్య మళ్లీ వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఇన్వర్టర్ ఏసీ పీసీబీ రిపేరు గురించి చాలామంది అడుగుతున్నారు, దానికి వేరే పేజీ వేద్దామా అని. మన ప్రశ్నే అడిగాను, సామాను మారుతుందా, టైము మారుతుందా, రేటు చెప్పే పద్ధతి మారుతుందా? కాసేపు ఆలోచించి, "బోర్డు విప్పి షాపుకి తెస్తాం, రెండు మూడు రోజులు పడుతుంది, ఆ రెండు మూడు రోజులు ఏసీ ఉండదు, అదొక్కటే తేడా" అన్నాడు. ఇంకేమైనా చెప్పడానికి ఉందా అంటే లేదన్నాడు. అయితే పేజీ అక్కర్లేదు, రిపేర్ పేజీలో రెండు లైన్లు చాలన్నాను. ఇంతలో వెనకనుంచి వదిన గొంతు వినిపించింది: "రిపేరా, కొత్త బోర్డు వేసుకోవాలా, ఏది మంచిదని కూడా అడుగుతున్నారని చెప్పు." అప్పుడు నేను రికార్డర్ ఆన్ చేశాను.